గీతలు ఎక్కడ కలుస్తున్నాయి? డబుల్ రెసిప్రోకల్ ప్లాట్‌లో కాంపిటీటివ్, నాన్‌కాంపిటీటివ్ తేడా పట్టుకోవడం

మా పక్కింటి అమ్మాయి ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం. ఇంటర్నల్ పరీక్ష రాసి వచ్చిన సాయంత్రం గ్రాఫ్ పేపర్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "అక్కా, రెండు గీతల్లోనూ వాలు పెరిగింది. మరి ఒకటి కాంపిటీటివ్, ఇంకొకటి నాన్‌కాంపిటీటివ్ ఎలా అవుతాయి?" అని అడిగింది. పేపర్ మీద మూడు గీతలు చక్కగానే గీసింది. కానీ ప్రతి గీతా వై అక్షం దగ్గరే ఆగిపోయింది. దాని ఎడమవైపుకు స్కేలు జరపనేలేదు. తను వెతుకుతున్న జవాబులో సగం ఆ ఎడమవైపే ఉంది.

ఈ ప్రశ్న దగ్గర తడబడేవాళ్లలో ఎక్కువమంది చేసే పని ఇదే. వాలు చూస్తారు, గీత పైకి లేచిందని చూస్తారు, అక్కడితో ఆపేస్తారు. కాంపిటీటివ్ అయినా నాన్‌కాంపిటీటివ్ అయినా ఇన్హిబిటర్ కలిపితే వాలు పెరుగుతుంది. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న లక్షణంతో వాటిని విడదీయలేం. విడదీసేది ఒక్కటే: ఇన్హిబిటర్ ఉన్న గీత, లేని గీత ఏ చోట కలుస్తున్నాయి అన్నది.

ముందు అక్షాలు చదవాలి

లైన్‌వీవర్, బర్క్ 1934లో ఇచ్చిన ఈ ప్లాట్, మైకేలిస్–మెంటెన్ సమీకరణాన్ని తిరగేసి రాసినదే:

```
1/v = (Km/Vmax) × (1/[S]) + 1/Vmax
```

ఇది సరళరేఖ సమీకరణం. నిలువు అక్షం మీద 1/v, అడ్డ అక్షం మీద 1/[S]. గీత వై అక్షాన్ని తాకే చోటు 1/Vmax. గీతను ఎడమవైపుకు పొడిగిస్తే ఎక్స్ అక్షాన్ని తాకే చోటు −1/Km. వాలు Km/Vmax.

ఇక్కడ రెండు చోట్ల బుర్ర తిరగబడుతుంది. వై అక్షం మీద బిందువు పైకి వెళ్లిందంటే 1/Vmax పెరిగిందని, అంటే Vmax తగ్గిందని. ఎక్స్ అక్షం మీద బిందువు సున్నా వైపు జరిగిందంటే 1/Km చిన్నదైందని, అంటే Km పెరిగిందని. "పైకి వెళ్లింది కాబట్టి ఎక్కువైంది" అని చదివితే రెండు జవాబులూ తలకిందులవుతాయి. పరీక్షలో బొమ్మ పక్కన పెన్సిల్‌తో "పైకి = Vmax తగ్గింది, సున్నా వైపు = Km పెరిగింది" అని రాసుకుని మొదలుపెట్టడం మంచిది. ఐదు సెకన్ల పని.

ఇంకో జాగ్రత్త. కొన్ని ప్రశ్నల్లో బొమ్మ చూడటానికి ఇలాగే ఉంటుంది కానీ నిలువు అక్షం మీద [S]/v, అడ్డ అక్షం మీద [S] ఉంటాయి. అది హేన్స్–వూల్ఫ్ ప్లాట్. అందులో కాంపిటీటివ్ ఇన్హిబిషన్ సమాంతర రేఖలుగా కనిపిస్తుంది. డబుల్ రెసిప్రోకల్ అలవాటుతో చూసినవాళ్లు సమాంతర రేఖలు కనబడగానే "అన్‌కాంపిటీటివ్" అని టిక్ పెట్టేస్తారు. కాబట్టి గీతల కంటే ముందు అక్షాల పక్కన ఏం రాసి ఉందో చూడాలి.

ఒకే ఎంజైమ్, రెండు ఇన్హిబిటర్లు

అంకెలతో చూద్దాం. ఒక ఎంజైమ్‌కి Km 2 మిల్లీమోలార్, Vmax నిమిషానికి 10 మైక్రోమోల్. ఇన్హిబిటర్ లేకుండా ఒకసారి, 'అ' అనే ఇన్హిబిటర్‌తో ఒకసారి, 'ఆ' అనే ఇన్హిబిటర్‌తో ఒకసారి వేగం కొలిచాం. రెండు ఇన్హిబిటర్లూ 3 మిల్లీమోలార్ చొప్పున కలిపాం.

| [S], మిల్లీమోలార్ | ఇన్హిబిటర్ లేకుండా v | 'అ' తో v | 'ఆ' తో v |
|---|---|---|---|
| 1 | 3.33 | 2.00 | 1.67 |
| 2 | 5.00 | 3.33 | 2.50 |
| 4 | 6.67 | 5.00 | 3.33 |
| 8 | 8.00 | 6.67 | 4.00 |

మొదటి వరుస మాత్రమే చూస్తే 'అ', 'ఆ' దాదాపు ఒకేలా ఉన్నాయి. 2.00, 1.67. పట్టికలో కిందికి వచ్చేకొద్దీ దారులు వేరవుతున్నాయి. ఇప్పుడు అన్నింటినీ తిరగేస్తే:

| 1/[S] | లేకుండా 1/v | 'అ' తో 1/v | 'ఆ' తో 1/v |
|---|---|---|---|
| 1 | 0.300 | 0.500 | 0.600 |
| 0.5 | 0.200 | 0.300 | 0.400 |
| 0.25 | 0.150 | 0.200 | 0.300 |
| 0.125 | 0.125 | 0.150 | 0.250 |

గ్రాఫ్ పేపర్ మీద ఈ బిందువులు పెట్టి స్కేలుతో గీయండి. గీతను వై అక్షం దాటించి, ఎడమవైపు ఎక్స్ అక్షాన్ని తాకేదాకా చుక్కల గీతగా పొడిగించండి. ఇన్హిబిటర్ లేని గీత వాలు 0.2. 'అ' గీత వాలు 0.4. 'ఆ' గీత వాలు కూడా 0.4. వాలు చూసి జవాబు రాసే అలవాటు ఉన్నవాళ్లు ఈ రెండు గీతలనూ ఒకటే అనుకుంటారు. కాగితం మీద అవి ఒకదానికొకటి సమాంతరంగా పోతాయి కూడా. తేడా అంతా అవి అసలు గీతను ఎక్కడ కలుస్తాయన్న దాంట్లోనే ఉంది.

| చూడాల్సింది | లేకుండా | 'అ' | 'ఆ' |
|---|---|---|---|
| వై అక్షం మీద (1/Vmax) | 0.1 | 0.1 | 0.2 |
| ఎక్స్ అక్షం మీద (−1/Km) | −0.5 | −0.25 | −0.5 |
| కనిపించే Vmax | 10 | 10 | 5 |
| కనిపించే Km | 2 | 4 | 2 |
| అసలు గీతను కలిసే చోటు | – | వై అక్షం | ఎక్స్ అక్షం |

'అ' కాంపిటీటివ్, 'ఆ' నాన్‌కాంపిటీటివ్.

వై అక్షం మీద కలిస్తే: కాంపిటీటివ్

వై అక్షం అంటే 1/[S] సున్నా అయిన చోటు. అంటే సబ్‌స్ట్రేట్ లెక్కలేనంత ఉన్న స్థితి. అక్కడ రెండు గీతలూ కలిశాయంటే, సబ్‌స్ట్రేట్ బాగా పోస్తే ఇన్హిబిటర్ ఉన్నా లేనట్టే అని అర్థం. సాధారణంగా ఇద్దరూ ఒకే చోటు కోసం పోటీ పడుతున్నప్పుడు అలా జరుగుతుంది.

రైల్వే స్టేషన్ టికెట్ కౌంటర్ల దగ్గర క్యూలు ఊహించుకోండి. టికెట్ కొనని, ఊరికే రైలు వివరాలు అడిగే మనుషులు కూడా అదే క్యూలో నిలబడితే టికెట్లు నెమ్మదిగా తెగుతాయి. కానీ టికెట్ కొనేవాళ్లు వేలల్లో వచ్చేస్తే, అడిగేవాళ్లు వాళ్ల మధ్య ఏ మూలకో పోతారు. కౌంటర్ పూర్తి వేగంతో నడుస్తుంది. Vmax మారదు. ఆ వేగం దగ్గరికి చేరడానికి మాత్రం ఎక్కువమంది కావాలి, అదే Km పెరగడం.

దీనికి పుస్తకాల్లో తప్పకుండా కనిపించే ఉదాహరణ సక్సినేట్ డీహైడ్రోజినేజ్ మీద మాలోనేట్. సక్సినేట్‌లో రెండు కార్బాక్సిల్ సమూహాల మధ్య రెండు కార్బన్లు ఉంటాయి. ఆ పక్కపక్క కార్బన్ల నుంచే ఎంజైమ్ చెరో హైడ్రోజన్ తీసేసి ఫ్యూమరేట్ చేస్తుంది. మాలోనేట్‌కీ రెండు కార్బాక్సిల్ సమూహాలు ఉన్నాయి కాబట్టి యాక్టివ్ సైట్‌లో కూర్చోగలదు. కానీ మధ్యలో ఒక్క కార్బనే ఉంది, రెండో హైడ్రోజన్ ఇవ్వడానికి పక్క కార్బన్ లేదు. కూర్చుంటుంది, పని జరగనివ్వదు. సక్సినేట్ పెంచితే దాన్ని లేపేయొచ్చు. మెథోట్రెక్సేట్ డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ మీద, స్టాటిన్లు హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్ మీద చేసేదీ ఈ తరహా పనే. ప్రశ్నలో "సబ్‌స్ట్రేట్‌ని పోలిన నిర్మాణం" అన్న మాట ఉంటే గీతలు వై అక్షం మీద కలుస్తాయేమో ముందు చూడండి.

ఇక్కడ ఒక మాట విడిగా చెప్పాలి. కాంపిటీటివ్ ఇన్హిబిటర్ వల్ల ఎంజైమ్‌కి సబ్‌స్ట్రేట్ మీద ఉన్న అసలు ఆకర్షణ మారదు. పెరిగేది కనిపించే Km. థియరీ పేపర్‌లో "కనిపించే" అన్న మాట రాస్తే అది తెలిసి రాశారని దిద్దేవాళ్లకు అర్థమవుతుంది.

ఎక్స్ అక్షం మీద కలిస్తే: నాన్‌కాంపిటీటివ్

ఇప్పుడు అదే స్టేషన్‌లో నాలుగు కౌంటర్లకు రెండు మూసేశారు. జనం ఎంతమంది వచ్చినా టికెట్లు సగమే తెగుతాయి. తెరిచి ఉన్న రెండు కౌంటర్లు మాత్రం మామూలుగానే పనిచేస్తున్నాయి, వాటి తీరు ఏం మారలేదు. నాన్‌కాంపిటీటివ్ ఇన్హిబిటర్ యాక్టివ్ సైట్‌కి కాక ఇంకో చోట అతుక్కుంటుంది. ఖాళీ ఎంజైమ్‌కీ, సబ్‌స్ట్రేట్ పట్టుకుని ఉన్న ఎంజైమ్‌కీ ఒకే బలంతో అతుక్కుంటుంది. కొంత ఎంజైమ్ పనిలో లేకుండా పోతుంది. మిగిలిన ఎంజైమ్‌కి సబ్‌స్ట్రేట్ మీద పట్టు అలాగే ఉంటుంది. అందుకే Vmax తగ్గుతుంది, Km కదలదు, గీతలు ఎక్స్ అక్షం మీద కలుస్తాయి.

సీసం విషప్రభావంలో ఫెర్రోకీలటేజ్ ఎంజైమ్ పనిచేయకపోవడాన్ని వైద్య పాఠ్యపుస్తకాలు ఈ కోవకు ఉదాహరణగా ఇస్తాయి. సీసం లాంటి లోహాలు ప్రోటీన్లలోని సిస్టీన్ సల్ఫహైడ్రిల్ సమూహాలకు అతుక్కుంటాయి, సబ్‌స్ట్రేట్‌ని పోలి ఉండాల్సిన అవసరం వాటికి లేదు.

ఈ గీత చూసి మోసపోయే సందర్భం ఒకటుంది. ఎంజైమ్‌ని కోవలెంట్ బంధంతో శాశ్వతంగా పాడుచేసే ఇన్హిబిటర్ కూడా, పని పూర్తయ్యాక చూస్తే, ఇలాంటి బొమ్మే ఇవ్వగలదు. కొంత ఎంజైమ్ చచ్చిపోయింది, మిగిలింది మామూలుగా ఉంది, కాబట్టి Vmax తగ్గి Km అలాగే ఉంటుంది. ప్లాట్ ఒక్కదానితో ఈ రెండింటినీ వేరుచేయలేం. ప్రశ్నలో "డయాలసిస్ చేశాక కూడా చర్య తిరిగి రాలేదు" అని ఉంటే అది ఇర్రివర్సిబుల్ వైపు తీసుకెళ్లే ఆధారం. అలాంటి వాక్యం లేకపోతే బొమ్మ చెప్పిన జవాబే రాయాలి.

రెండు అక్షాల మీదా కలవకపోతే

పరీక్షలో నాలుగు ఆప్షన్లు ఇస్తారు కాబట్టి మిగతా రెండు కూడా గుర్తుపట్టాలి. గీతలు ఎక్కడా కలవకుండా సమాంతరంగా ఉంటే అన్‌కాంపిటీటివ్. అక్షాల మీద కాకుండా వై అక్షానికి ఎడమవైపు ఎక్కడో, ఎక్స్ అక్షానికి పైనో కిందో కలిస్తే మిక్స్‌డ్.

మిక్స్‌డ్‌ని పట్టుకోవడానికి నమ్మకమైన మార్గం రెండు నిష్పత్తులు చూడటం. ఇన్హిబిటర్‌తో వాలు ఎన్ని రెట్లయింది? వై అక్షం మీది విలువ ఎన్ని రెట్లయింది? 'ఆ' విషయంలో వాలు 0.2 నుంచి 0.4కి, వై విలువ 0.1 నుంచి 0.2కి వెళ్లాయి. రెండూ రెండు రెట్లే, కాబట్టి శుద్ధ నాన్‌కాంపిటీటివ్. 'అ' విషయంలో వాలు రెండు రెట్లు, వై విలువ ఒక రెట్టు, అంటే మారలేదు. ఒకవేళ వాలు రెండు రెట్లు, వై విలువ ఒకటిన్నర రెట్లు అయి ఉంటే ఎక్స్ అక్షం మీద −0.25 దగ్గర, నిలువున 0.05 ఎత్తులో గీతలు కలిసేవి. అది మిక్స్‌డ్.

శుద్ధ నాన్‌కాంపిటీటివ్ నిజానికి అరుదు. ఖాళీ ఎంజైమ్‌కీ సబ్‌స్ట్రేట్ ఉన్న ఎంజైమ్‌కీ సరిగ్గా ఒకే బలంతో అతుక్కోవాలనే షరతు ప్రకృతిలో తేలిగ్గా కుదరదు. కొన్ని పుస్తకాలు నాన్‌కాంపిటీటివ్‌ని మిక్స్‌డ్‌లో ఒక ప్రత్యేక సందర్భంగానే చెబుతాయి. ఆప్షన్లలో రెండూ విడివిడిగా ఉంటే మాత్రం తేడా పాటించాలి: ఎక్స్ అక్షం మీద కలిస్తేనే నాన్‌కాంపిటీటివ్.

ఏ పరీక్షకు ఏ పద్ధతి?

నీట్ పీజీ లాంటి బొమ్మ ప్రశ్నలకు: కలిసే చోటు చూస్తే చాలు, లెక్క అక్కర్లేదు. ఈ పద్ధతిలో వేగం ఉంది, కానీ బొమ్మలో ఎడమ భాగం కనిపించాలి. వై అక్షానికి కుడివైపు మాత్రమే గీసి ఇస్తే ఇలా వెళ్లండి. వై అక్షం మీద రెండూ ఒకే బిందువులో మొదలైతే కాంపిటీటివ్ ఖాయం. వేర్వేరు బిందువుల్లో మొదలైతే కాంపిటీటివ్ కాదన్నది మాత్రమే తెలుస్తుంది, ఇంకా మూడు మిగిలి ఉన్నాయి. అప్పుడు పెన్ను అంచును గీత మీద పెట్టి ఎడమవైపుకు పొడిగించి చూడాలి. వై విలువ మారింది కదా అని నేరుగా నాన్‌కాంపిటీటివ్ రాయడం మార్కులు పోగొట్టే దారి.

ఎంబీబీఎస్, బీఎస్సీ థియరీ పేపర్లకు: బొమ్మ మీరే గీయాలి. ఇక్కడ సమయం పెట్టాల్సింది పేర్లు పెట్టడం మీద. రెండు అక్షాలు, 1/Vmax, −1/Km, ఏ గీత ఇన్హిబిటర్‌తో ఉన్నది అన్నవి రాయని బొమ్మ చూసి ఎక్కడ కలిసిందో దిద్దేవాళ్లు ఊహించుకోలేరు. వై అక్షానికి ఎడమవైపు గీతను చుక్కలతో గీయాలి, ఎందుకంటే అక్కడ కొలతలు లేవు. సబ్‌స్ట్రేట్ గాఢత రుణాత్మకం కాలేదు కదా. మా పక్కింటి అమ్మాయి ఎడమవైపు గీయకపోవడానికి కారణం కూడా అదే: "అక్కడ పాయింట్లే లేవు కదా అక్కా" అంది. ఆ సందేహం సరైనదే. ఆ భాగం ప్రయోగం నుంచి వచ్చింది కాదు, సమీకరణం నుంచి వచ్చిన పొడిగింపు.

సీఎస్ఐఆర్ నెట్, గేట్‌లలో పట్టిక ఇచ్చి అడిగే ప్రశ్నలకు: గ్రాఫ్ గీయడానికి టైమ్ ఉండదు. నాకు బాగా నచ్చిన పద్ధతి, ప్రతి సబ్‌స్ట్రేట్ గాఢత దగ్గర వేగం ఎంత శాతం తగ్గిందో చూడటం. మొదటి పట్టికకు తిరిగి వెళ్లండి. 'అ' తో 1 దగ్గర 40 శాతం, 2 దగ్గర 33, 4 దగ్గర 25, 8 దగ్గర సుమారు 17 శాతం తగ్గింది. సబ్‌స్ట్రేట్ పెరిగేకొద్దీ అణచివేత సడలుతోంది. 'ఆ' తో నాలుగు చోట్లా సరిగ్గా 50 శాతం. మొదటి, చివరి వరుసలు రెండే చూస్తే చాలు: శాతం స్థిరంగా ఉంటే నాన్‌కాంపిటీటివ్. పెరుగుతుంటే అన్‌కాంపిటీటివ్ కావచ్చు, కొన్ని మిక్స్‌డ్‌లలోనూ పెరుగుతుంది. తగ్గుతుంటే కాంపిటీటివ్ కావచ్చు, మరికొన్ని మిక్స్‌డ్‌లలోనూ తగ్గుతుంది. ఆప్షన్లలో మిక్స్‌డ్ ఉంటే రెండు వరుసలను తిరగేసి వాలు, వై విలువ కూడా లెక్కకట్టాలి.

Ki అడిగితే వాలు నిష్పత్తి పనికొస్తుంది:

```
వాలు నిష్పత్తి = 1 + [I]/Ki
2 = 1 + 3/Ki  →  Ki = 3
```

అంటే 3 మిల్లీమోలార్. 'అ', 'ఆ' రెండింటికీ ఇదే లెక్క, ఇదే జవాబు. రకం గుర్తుపట్టడంలో చేతులెత్తేసిన వాలు ఇక్కడ పనికి వచ్చింది.

నిజమైన కొలతలు ఇచ్చినప్పుడు

ల్యాబ్ రికార్డులోనో, ప్రయోగ ఫలితాలు ఇచ్చిన ప్రశ్నలోనో గీతలు సరిగ్గా అక్షం మీద కలవవు. దీనికి కారణం ఈ ప్లాట్‌లోనే ఉంది. వేగం తక్కువగా ఉన్న చోట చిన్న పొరపాటు కూడా తిరగేసినప్పుడు పెద్దదవుతుంది. 'అ' తో 1 మిల్లీమోలార్ దగ్గర అసలు వేగం 2.0. పొరపాటున 2.2 అని కొలిచామనుకుందాం. 1/v 0.500 నుంచి 0.455కి పడిపోతుంది. అదే 0.2 పొరపాటు 8 మిల్లీమోలార్ దగ్గర జరిగితే 0.150 కాస్తా 0.146 అవుతుంది, కంటికి కనబడదు. పైగా తక్కువ గాఢత బిందువు గ్రాఫ్‌లో కుడివైపు చివర, మిగతావాటికి దూరంగా ఉంటుంది. అందుకే గీతను తనవైపు లాగేస్తుంది.

ఆ ఒక్క తప్పు బిందువుతో నాలుగు బిందువులకూ గీత లెక్కగట్టి చూస్తే వాలు 0.4 బదులు సుమారు 0.35, వై విలువ 0.1 బదులు సుమారు 0.114 వస్తాయి. నిష్పత్తులు చూస్తే మిక్స్‌డ్ అనిపిస్తుంది. కానీ గీతలు ఎక్కడ కలిశాయో చూడండి. ఎక్స్ విలువ −0.09 దగ్గర, అంటే దాదాపు వై అక్షం మీదే. ఎక్స్ అక్షాన్ని అసలు గీత తాకే −0.5 అక్కడికి చాలా దూరం. దీన్ని కాంపిటీటివ్‌గానే చదవాలి. అనుమానం ఉంటే కుడి చివరి బిందువును వేలితో మూసి, మిగతా మూడు బిందువులకు స్కేలు పెట్టి చూడండి. స్కేలు నేరుగా 0.1 దగ్గరికి వెళ్తుంది.